కంఠతా వచ్చిన థీసిస్

నాకు చిన్నప్పటి నుంచి ఒక శక్తి ఉండేది. ఏ పాఠమైనా మూడుసార్లు పైకి చదివితే నాలుగోసారి పుస్తకం అక్కర్లేదు. మార్కాపురం బడిలో ఇనస్పెక్టరు వచ్చినప్పుడు భూగోళం పాఠం ఒకటి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. అందులో ఒక అచ్చుతప్పు ఉంటే దాన్ని కూడా వదలకుండా చెప్పాను. ఆయన మెచ్చుకుని పెన్సిలు ఇచ్చాడు. ఆ పెన్సిలు పట్టుకుని మా నాయన బజారంతా తిరిగాడు. ఆ శక్తితోనే స్కూలు ఫైనలు, ఇంటరు, బి.యస్సీ. దాటాను. మద్రాసులో చేరి, మా ఊరి పలకరాయి మీద ఎం.ఎస్సీ. థీసిస్ కూడా రాశాను.

థీసిస్ దొంగది కాదు, ఆ మాట ముందే చెప్పాలి. రెండు ఎండాకాలాలు మా ఊరి గనుల చుట్టూ తిరిగాను. రాతిపొర ఎటు వాలింది, రాయి ఎటు చీలుతోంది అని వాలు కొలిచే క్లినోమీటరు పెట్టి నలభై చోట్ల కొలిచాను. టోపీ పెట్టుకుని రాయి మీద డబ్బీలాంటిది ఆనించి కూర్చున్న నన్ను చూసి, గనుల్లో పనివాళ్ళు రాయికి జ్వరం చూస్తున్నానని నవ్వుకునేవారు. కొలతలు నావే. కానీ ఆ కొలతలకు అర్థం చెప్పే అధ్యాయం మాత్రం కొంత పెద్ద పుస్తకాల నుంచీ, కొంత మా ప్రొఫెసరుగారి నోటి నుంచీ వచ్చింది. వాక్యాలు చక్కగా కుదిరాయి కాబట్టి సంగతి కూడా కుదిరిందనుకున్నాను.

అవి యుద్ధం రోజులు. నా థీసిస్‌కు బయటి నుంచి పరీక్షకుడిగా వేసిన అధికారి కలకత్తా వైపు మనిషి. యుద్ధానికి పనికివచ్చే ఖనిజాలు వెతుకుతూ గిద్దలూరు దగ్గర డేరాలు వేసుకుని ఉన్నాడు. మద్రాసు రావడానికి తనకు తీరిక లేదనీ, మార్కాపురం ట్రావెలర్స్ బంగళాలో వైవా, అంటే నోటి పరీక్ష, పెడితే రాళ్ళు కూడా చూడవచ్చనీ ఆయన రాశాడు. ప్రొఫెసరుగారు ఒప్పుకున్నారు. మద్రాసు సెనేటు హాల్లో జరగాల్సిన నా పరీక్ష మా ఇంటికి మైలు దూరంలోకి వచ్చింది.

పది రోజుల ముందే ఇంటికి చేరాను. థీసిస్ మొత్తానికి ఇరవై పేజీల సారాంశం ఇంగ్లీషులో రాసుకుని, మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతూ కంఠస్థం పెట్టాను. మా నాయనది బట్టల దుకాణం. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా రోజూ పొద్దున ఒక గంట దుకాణం గుమాస్తాకు వదిలేసి, నా కాగితాలు చేత్తో పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు.

మూడో రోజు నేను జోరుగా చెప్పుకుపోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు. తప్పినావు."

"యాడ తప్పినాను నాయనా? నీకు ఇంగ్లీషు రాదు గదా."

"రాకపోతే ఏంది? నిన్న ఈ క్లీవేజీ అన్నంక ఊపిరి పీల్చినావు. ఈ పొద్దు పీల్చకుండా పోతుండావు. ఏదో ముక్క ఎగిరిపోయింది."

కాగితం చూస్తే నిజంగానే ఒక వాక్యం ఎగిరిపోయింది. అప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఇంగ్లీషు రాని మనిషి కూడా తప్పు పట్టుకోగలిగేంతగా వచ్చేసిందనుకున్నాను. ఇంగ్లీషు రాని మనిషి తప్పు పట్టుకోగలిగిన చదువు ఏపాటి చదువో ఆలోచించాలని నాకు తోచలేదు.

వైవా మధ్యాహ్నం మూడింటికి. బంగళా వరండాలో ఒక బల్ల, మూడు కుర్చీలు. ప్రొఫెసరుగారు పొద్దున రైలుకు దిగి, స్నానం చేసి, అంత ఎండలోనూ కోటు తొడుక్కుని కూర్చున్నారు. పరీక్షకుడు బక్కపలుచటి మనిషి, కాళ్ళకు ఎర్రమట్టి కొట్టుకున్న బూట్లు. బల్ల మీద నా థీసిస్, దాని పక్కన వేరుశనక్కాయల పొట్లం. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"నీ థీసిస్‌లో ఏముందో చెప్పు," అన్నాడు ఒక కాయ ఒలుస్తూ.

నాకు కావలసింది అదే. మొదలుపెట్టాను. పది రోజుల సాధన ఊరికే పోలేదు. రెండు నిమిషాలు ధారగా సాగింది. ప్రొఫెసరుగారి ముఖం విచ్చుకుంటోంది. అంతలో పరీక్షకుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాగుంది. అందులో క్లీవేజి అన్న మాట ఇప్పటికి తొమ్మిదిసార్లు వచ్చింది. ఇప్పుడు ఆ మాట వాడకుండా అదే సంగతి చెప్పు."

రాయి పొరలతో సంబంధం లేకుండా ఒక దిక్కున పలచగా చీలే గుణానికి మా శాస్త్రంలో పేరు క్లీవేజి. పలకరాయిని పలకరాయి చేసేది అదే. ఆ మాట లేకుండా చెప్పబోయాను. నోరు తెరిస్తే వచ్చిన మొదటి మాట క్లీవేజి.

"సరే, అది వదిలెయ్యి." సంచిలోంచి ఒక రాతి ముక్క తీసి నా ముందు పెట్టాడు. మా గనుల రాయే. ఒక ముఖం నున్నగా చీలి ఉంది. ఆ ముఖం మీద నుంచి బూడిదరంగు చార ఒకటి అడ్డంగా పోతోంది. "దీంట్లో పాతకాలం నాటి బురద పొర ఎటు ఉంది? చూపించు."

నున్నటి ముఖం మీద అరచెయ్యి ఆనించాను. "ఇదండీ."

ప్రొఫెసరుగారు కళ్ళు మూసుకున్నారు. నేను చూపించింది చీలిక. పొర అంటే ఆ చార. మద్రాసు కాలేజీలో మొదటి సంవత్సరం కుర్రాళ్ళకు నేనే చెప్పే సంగతి అది. కానీ నేనెప్పుడూ నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పినవాణ్ణే తప్ప, రాయి చేతిలో పెట్టుకుని చెప్పినవాణ్ణి కాదు.

"అరవై ఒకటో పేజీలో, తూర్పు గనిలో చీలిక వాలు పొర వాలు కంటే నిటారుగా ఉందని రాశావు. దాని వల్ల ఏం తెలుస్తుంది?"

అరవై ఒకటో పేజీ నాకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. తరువాతి వాక్యం చదివేశాను. "పై అధ్యాయంలో చెప్పినట్లుగా..."

"పై అధ్యాయంలో ఏం చెప్పావు?"

"దీని గురించి కింది అధ్యాయంలో వివరిస్తామని చెప్పానండీ."

ఆయన నవ్వలేదు. పప్పు నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. "నలభై కొలతలు తీశావు. వాటిలో నిన్ను ఇబ్బంది పెట్టిన కొలత ఏది?"

"ఏదీ ఇబ్బంది పెట్టలేదండీ," అన్నాను ధీమాగా. మంచి జవాబే అనుకున్నాను.

"నలభై ఏళ్ళుగా రాళ్ళు నన్ను ఇబ్బంది పెడుతూనే ఉన్నాయి," అన్నాడాయన. "పట్టికలో ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. పదిహేడో నంబరు లేదు. పదహారు తరువాత పద్దెనిమిది."

నేను ప్రొఫెసరుగారి వైపు చూశాను. ఆయన వరండా దూలాల వైపు చూశారు. పదిహేడో కొలత మిగతా వాటితో పొత్తు కుదరలేదు. మిగతాచోట్ల చీలిక వాలు అరవై డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే అక్కడ ఎనభై. ఏదో చెయ్యి జారి ఉంటుంది, తీసెయ్యవయ్యా అన్నది ఆయనే. తీసేసినవాణ్ణి నేనే.

పరీక్షకుడు థీసిస్ మూసేశాడు. "రేపు పొద్దున ఏడింటికి తూర్పు గని దగ్గర మిగతా సగం. పుస్తకం తేవద్దు, కాగితం తేవద్దు. క్లినోమీటరు తెచ్చుకో. ఈ రోజు నేను నీ పుస్తకాన్ని పరీక్ష చేశాను, పుస్తకం పాసయింది. నువ్వు ఇంకా పరీక్షకు రాలేదు."

బంగళా గేటు దగ్గర మా నాయన కాచుకుని ఉన్నాడు. "మొత్తం చెప్పినావా?"

"రెండు నిమిషాలు చెప్పినాను. ఆపేసినాడు."

"రెండు నిమిషాలకే మెచ్చినాడా!" అని ఆయన సంబరపడ్డాడు. కాదని చెప్పే ఓపిక లేక నేరుగా తూర్పు గనికి నడిచాను.

ఇంకా పొద్దు ఉంది. గనిలో ఒకే ఒక మనిషి ఉంది. రాతిదిమ్మల్ని పలకలుగా చీల్చే పెద్దామె. ఆమె మాకు చుట్టం కాదు. ఊళ్ళో వరస ప్రకారం నేను అత్తా అనేవాణ్ణి, ఆమె అల్లుడూ అనేది. కాళ్ళ మధ్య దిమ్మ నిలబెట్టుకుని, అంచుకు ఉలి ఆనించి, సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేస్తోంది. దిమ్మ పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోతోంది.

"ఏంది అల్లుడూ, రాయికి జ్వరం తగ్గిందా?" అంది.

"నాకే వచ్చింది అత్తా. ఒక మాట చెప్పు. ఉలి యాడ పెట్టాలో నీకెట్ల తెలుస్తాది?"

"చీలే పక్క పెడితే చీలుతాది. ఈ చార ఉంది చూడు, దీని వెంబడి పెట్టినావనుకో, రాయి పిప్పి అయిపోతాది. పనిలోకి వచ్చిన కొత్తల్లో అందరూ చార వెంబడే కొడతారు. చారే అతుకు అనుకుంటారు."

నేను దిమ్మ ముందు కూలబడ్డాను. బంగళాలో నేను తప్పిన ప్రశ్నకు జవాబు ఈమె సుత్తి చివర ఉంది. "ఎప్పుడూ ఒకే తీరుగా చీలుతాదా?"

"యాడ? ఇసక రాయి పొర అడ్డమొచ్చిందంటే ఉలి వంకర పోతాది. ఇదో చూడు." పనికిరాదని పక్కన పారేసిన ముక్క తెచ్చి చూపించింది. నల్లరాయిలో ఏటవాలుగా వచ్చిన చీలిక, మధ్యలో గరుకుగా ఉన్న ఇసక చార దగ్గర ఒక్కసారిగా నిటారుగా లేచి, చార దాటాక మళ్ళీ మామూలుగా వాలింది.

నా పదిహేడో కొలత ఎక్కడ తీశానో అప్పుడు గుర్తొచ్చింది. గని ఉత్తరం మూల, గరుకు పొర మీద. చెయ్యి జారలేదు. రాయే అక్కడ అట్ల ఉంది.

"మరి ఈ చార యాడిది? ఇట్ల అడ్డంగా ఎందుకుంది?" అని ఆమె అడిగింది. "ఇన్నేండ్లు కొడతాండా, ఒక్కరూ చెప్పలా. నువ్వు చదివినోడివి గదా."

నోటికి వచ్చిన మొదటి వాక్యం ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని మింగి మళ్ళీ మొదలుపెట్టాను. "ఇదంతా ఒకప్పుడు నీళ్ళ అడుగు బురద అత్తా. ఒకసారి నల్ల బురద పేరుకుంది, ఒకసారి బూడిద బురద. ఆ పేరుకున్నదే చార. ఆ తర్వాత ఎన్నో ఏండ్లకు పక్క నుంచి నొక్కుడు వచ్చింది." ఆమె అన్నం మూట పక్కన పిడికెడు అటుకుల పొట్లం ఉంది. దాన్ని తీసుకుని రెండు అరచేతుల మధ్య నొక్కి చూపించాను. "అటుకులు ఒక గుడ్డసంచిలో పోసి, రెండు చెక్కల మధ్య నిలబెట్టి పక్కల నుంచి నొక్కినావనుకో. అటుకులు ఎట్ల తిరుగుతాయి?"

"చెక్కకు వీపు ఆనించుకుని నిలబడతాయి."

"ఆ బురదలో కూడా అటుకుల్లాంటి సన్నటి రేకులు ఉంటాయి. అవి నొక్కుడుకు అట్లనే తిరిగి నిలబడినాయి. రేకులు నిలబడిన పక్కే రాయి చీలుతాది. చార మాత్రం ముందు యాడుందో ఆడనే ఉంది, కాకపోతే ముడతలు పడింది."

ఆమె అటుకుల పొట్లం నా చేతిలోంచి వెనక్కి తీసుకుంది. "ఇంతేనా? రెండేండ్లు మద్రాసులో ఉండి చదివింది ఇదేనా?"

"ఇది ఇప్పుడే చదివినాను అత్తా," అన్నాను. అది నిజం. క్లీవేజి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని ఇంటికి పోతూ దారిలో గమనించాను.

మరునాడు ఏడింటికి ముగ్గురం గనిలో ఉన్నాం. ప్రొఫెసరుగారు కోటు విప్పలేదు, కానీ గుండీలు విప్పారు. అత్త తన మూలలో పని చేసుకుంటూ మమ్మల్ని ఓరగా చూస్తోంది.

"ఆమెకు అర్థమయ్యేలా పలకరాయి ఎందుకు చీలుతుందో నీ భాషలో చెప్పు. ఆమె ఏమన్నదో నాకు ఇంగ్లీషులో చెప్పు," అన్నాడు పరీక్షకుడు.

నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. గొంతు సవరించుకుని, "అత్తా, అటుకులు ఒక సంచిలో..." అన్నానో లేదో, ఆమె సుత్తి దించింది.

"నిన్న చెప్పినావు గదా అల్లుడూ! మళ్ళీ ఎందుకు? నా అటుకులన్నీ నుసి చేసిపోయినావు."

ఏమంది అని అడిగాడాయన. అబద్ధం చెప్పడానికి మనసొప్పింది, కానీ ప్రొఫెసరుగారికి తెలుగు వచ్చు. ఉన్నదున్నట్టు చెప్పాను, అటుకుల సంగతితో సహా.

"ఓహో. అంటే ఇదీ కంఠస్థమే," అన్నాడాయన. మొదటిసారి ఆయన పెదవి కొస కదిలింది. "అయితే సంచి అదే, అటుకులు అవే. చెక్కలు పక్కన వద్దు. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి నొక్కు. ఏమవుతుంది?"

ఇది నిన్న చెప్పుకున్నది కాదు. ఏ పేజీలోనూ లేదు. కళ్ళ ముందు పేజీకి బదులు సంచి కనబడింది. "అటుకులు పడుకుంటాయండీ. పేరుకున్న పొరకు సమంగా. అప్పుడు రాయి పొర వెంబడే చీలుతుంది. చీలిన ముఖం మీద అడ్డంగా పోయే చార ఉండదు."

"అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కితే? ఉండ చుట్టినట్టు?"

ఇక్కడ ఆగాను. అరచేతుల మధ్య గాలిలో ఉండ చుట్టి చూసుకున్నాను. "గట్టిపడుతుందండీ. కానీ రేకులు ఎటు తిరగాలో వాటికి కారణం లేదు. ఎటు ఉన్నవి అటే ఉంటాయి. మా ఊళ్ళో పలకలు తయారయ్యేవి కాదు."

"మీ ఊళ్ళో పిల్లలు ఎక్కడ రాసుకునేవారో మరి," అని ఆయన గోడ వైపు నడిచాడు. "కొలువు."

కొలిచాను. పొర తూర్పుకు ముప్ఫై అయిదు. చీలికా తూర్పుకే, అరవై. "చీలిక నిటారుగా ఉంది కాబట్టి పొర తిరగబడలేదండీ, పై వైపు పైనే ఉంది. పొరే చీలిక కంటే నిటారుగా ఉండి ఉంటే తలకిందులైందని చెప్పేవాణ్ణి." ఇది అరవై ఒకటో పేజీకి అర్థం. రాసిన ఏడాదికి నాకు తెలిసింది.

"ముడత శిఖరం ఎటు?"

"పడమరకండీ. పొర తూర్పుకు వాలింది, అంటే పైకి ఎక్కేది పడమరకు."

"ఆ వైపు వెళితే ఏం కనబడితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?"

తప్పని ఒప్పుకోవడానికి కావలసిన సాక్ష్యం ముందే చెప్పమని ఎవరైనా అడుగుతారని నాకు కలలో కూడా తోచలేదు. ఆలోచించాను. "పడమరకు పోయేకొద్దీ పొరలు చదునుగా కావాలి. చదును కాకుండా ఇంకా నిటారుగా లేస్తే నేను తప్పు."

"పద."

నడిచాం. ముళ్ళకంపలు పంచెకు పట్టుకుంటున్నాయి. ప్రొఫెసరుగారి కోటు ఒకచోట చిరిగింది. మొదటి రాతిబండ దగ్గర వాలు ముప్ఫై. రెండోదాని దగ్గర ఇరవై. వాగు గట్టున మూడోదాని మీద క్లినోమీటరు పెట్టాను. పొర దాదాపు చదును, చీలిక దాన్ని ఏటవాలుగా కోసుకుపోతోంది. నేను ఎగిరి గంతేసిన మాట నిజం. బి.యస్సీ. ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా నేను గంతెయ్యలేదు.

"ఇప్పుడు పదిహేడు," అన్నాడాయన.

వెనక్కి వచ్చి ఉత్తరం మూల గరుకు పొర చూపించాను. ఇసక పొర బురదంత సులువుగా నలగదు కాబట్టి చీలిక అందులోకి రాగానే దారి మార్చుకుంటుందని, అందుకే అక్కడ ఎనభై అని చెప్పాను. ఈ సంగతి ఎవరు చెప్పారని అడిగితే అత్తను చూపించాను.

"పట్టికలోంచి ఎవరు తీశారు?"

"నేనేనండీ," అన్నాను. ప్రొఫెసరుగారు చిరిగిన కోటును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

చివరి ప్రశ్న పోతూ పోతూ అడిగాడు. "ఈ చార ఎందుకు బూడిదరంగు, ఆ పక్కది ఎందుకు నలుపు?"

"తెలియదండీ."

"ఇరవై రెండో పేజీలో తెలుసునని రాశావు."

"అప్పుడు తెలుసండీ."

ఆయన నవ్వి రాతి మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. రెండో అధ్యాయంలో రంగుల సంగతి తీసెయ్యాలి, నాలుగో అధ్యాయం మొత్తం నా మాటల్లో తిరిగి రాయాలి, పదిహేడో కొలత వెనక్కి రావాలి, అది చెప్పినామెకు కృతజ్ఞతల పేజీలో ఒక వాక్యం ఉండాలి. ఇవన్నీ చేస్తే పాసు అన్నాడు. తరువాత అత్త దగ్గరకు పోయి, చీలిక దారి మార్చుకున్న ఆ పారేసిన ముక్క తనకు ఇస్తుందా అని నా చేత అడిగించాడు.

"అది పనికిరానిది అయ్యా. మంచి పలక ఇస్తా తీసుకుపో," అంది ఆమె.

పనికిరానిదే కావాలన్నాడు. ఆమె నా వైపు తిరిగి, "ఈయనకూ నువ్వే చదువు చెప్పినావా?" అంది. ఆ మాట నేను అనువదించలేదు. ప్రొఫెసరుగారు అనువదించారు.

సాయంత్రం రైలుకు ప్రొఫెసరుగారిని స్టేషనులో ఎక్కించాను. నాలుగో అధ్యాయం ఎన్నాళ్ళలో రాస్తావని అడిగారు. నెల అన్నాను. రెండు నెలలు పట్టింది. రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఇది ఎట్ల తెలుసు అని ఎవరో అడుగుతున్నట్టుండేది. అడుగుతున్న గొంతు ఒక్కోసారి పరీక్షకుడిది, ఒక్కోసారి అత్తది. రైలు కదిలేటప్పుడు ప్రొఫెసరుగారు కిటికీలోంచి తల బయట పెట్టి, "నన్ను ఆయన అడగలేదు గాని, ఉండ చుట్టిన అటుకుల ప్రశ్నకు నాకూ జవాబు వెంటనే తట్టలేదోయ్," అన్నారు. ఆ మాట చెప్పడానికి రైలు కదిలేదాకా ఆగారు.